రెండు వారాలు కొండ ఊళ్లో ఉండబోతున్నారా? జ్వరం వచ్చిన రోజే రక్తం చూపించుకోండి

మా గుణుపూర్ పక్కన ఒక సవర ఊళ్లో రెండు వారాలకని వచ్చి వెళ్లిన విశాఖ కుర్రాడు ఈ మధ్యే ఐసీయూ దాకా వెళ్లొచ్చాడు. దసరా నుంచి సంక్రాంతి దాకా ఇలా ఒకే ఊళ్లో మకాం వేయడానికి వచ్చేవాళ్లు చాలామందే మా మందుల షాపుకి వస్తుంటారు. గొడుగు, టార్చి, నీళ్ల సీసా సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చెప్పేది మలేరియా గురించి. ఒడిశాలో రాయగడ, కోరాపుట్, గజపతి, మల్కన్‌గిరి, అటు మహారాష్ట్రలో గడ్చిరోలి, ఇవన్నీ దానికి పాత కాపురాలు.

ఆ కుర్రాడికి ఊళ్లో 11వ రోజు సాయంత్రం చలి, ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. గెడ్డలో మునిగాడు కదా, పడిశం పట్టి ఉంటుందని పారాసిటమాల్ వేసుకున్నాడు. తెల్లారేసరికి చెమటలు పట్టి జ్వరం దిగింది. తగ్గిపోయిందనుకుని కొండెక్కాడు. రాత్రికి మళ్లీ వణుకు. 13వ రోజు ఇంటికి చేరాక క్లినిక్‌లో వైరల్ అన్నారు. ఎక్కడికెళ్లొచ్చావని వాళ్లు అడగలేదు, ఇతనూ చెప్పలేదు. జ్వరం మొదలైన ఆరో రోజుకి కళ్లు పచ్చబడి, మాట తడబడ్డాక రక్తం చూస్తే ఫాల్సిపారం అనే మలేరియా రకం.

పారాసిటమాల్ ఒంట్లో వేడిని దించుతుందే గానీ క్రిమిని ఏమీ చేయదు. మలేరియా జ్వరం మందు లేకున్నా మధ్యలో దిగుతుంది. ఆ దిగడమే మనల్ని మోసం చేస్తుంది. లోపల క్రిమి సుమారు 48 గంటలకోసారి ఎన్నో రెట్లు పెరుగుతూనే ఉంటుంది. అందుకే జ్వరం వచ్చిన రోజే పరీక్ష, మర్నాడు చూద్దామనుకోవద్దు.

రెండు వారాల మకాంలో ఉన్న చిక్కేమిటంటే, దోమ కుట్టాక ఫాల్సిపారం బయటపడటానికి మామూలుగా 7 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి రాత్రి కుట్టిన దోమ ఫలితం మీ సెలవు చివర్లో కనిపిస్తుంది. చివరి రాత్రి కుట్టినది ఇంటికెళ్లాక, మీరు ఊరి సంగతే మర్చిపోయాక కనిపిస్తుంది. కాబట్టి తిరిగొచ్చిన నెల రోజుల్లో ఏ జ్వరం వచ్చినా డాక్టరు నోరు తెరవకముందే మీరే చెప్పాలి: “నేను రాయగడ కొండల్లో ఉండొచ్చాను, మలేరియా చూడండి.” వైవాక్స్ రకమైతే నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది.

ఇంటి ఎంపికా ముఖ్యమే. అందరికీ గెడ్డ ఒడ్డున ఇల్లే కావాలి. ఈ కొండల్లో మలేరియా మోసే ఫ్లూవియాటిలిస్ దోమ పుట్టేది మెల్లగా పారే ఆ నీళ్ల అంచుల గడ్డిలోనే. చలి మొదలైంది కదా, దోమలుండవని అనుకోవద్దు, దానికి వానలు వెనకబట్టాకే అనువు. అది ఎక్కువగా అర్ధరాత్రి ప్రాంతంలో కుడుతుంది. సాయంత్రం వెలిగించిన కాయిల్ అప్పటికి ఎంత మిగిలి ఉంటుందో మీరే చూసుకోండి. గాలికని అరుగు మీద పడుకున్నా దోమతెర కట్టాల్సిందే. అంచులు చాప కింద దోపాలి, ఊరికే వేలాడదీస్తే చాలదు.

ఊళ్లో దిగిన రోజే ఆశా దీదీ ఇల్లు తెలుసుకోండి. మలేరియా కిట్ ఉందా అని అడగండి. వేలి చివర రక్తపు చుక్కతో ఓ ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది, డబ్బు తీసుకోరు. రాత్రి పూట బండి ఎవరిస్తారో, దగ్గరి సీహెచ్‌సీ ఆసుపత్రి ఎటో కూడా అప్పుడే మాట్లాడుకోండి. వణుకు వచ్చాక వెతకడం కుదరదు.

కిట్ నెగెటివ్ వచ్చి జ్వరం ఆగకపోతే మర్నాడు మళ్లీ చూపించుకోండి. మైక్రోస్కోప్‌లో చూడటానికి రక్తం స్లైడ్ కూడా తీయమనండి.

నివారణకి డాక్సీసైక్లిన్ రాయించుకునేవారు బయల్దేరే 2 రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 4 వారాలు వేసుకోవాలి. గర్భిణులకు, 8 ఏళ్ల లోపు పిల్లలకు పనికిరాదు. ఇది వేసుకున్నా జ్వరమొస్తే పరీక్ష తప్పదు.

గర్భిణిని, చంటిపిల్లల్ని ఈ కాలంలో తీసుకురావద్దు.

మా షాపుకొచ్చి “జ్వరానికి ఏదైనా ఇవ్వండి” అనొద్దు. రక్తం చూపించుకుని రండి.

మిగిలిపోయిన యాంటీబయోటిక్ మింగొద్దు.

మగతగా ఉన్నా, వాంతులతో నీళ్లు నిలవకున్నా, మూత్రం నల్లగా వచ్చినా, ఫిట్స్ వచ్చినా ఊళ్లో ఆగొద్దు. రాత్రైనా బయల్దేరండి.

ఫాల్సిపారం మాత్రలు 3 రోజులకిస్తారు. రెండో రోజుకి హాయిగా ఉందని ఆపొద్దు.

వైవాక్స్‌కి ప్రైమాక్విన్ 14 రోజులు రాస్తే 14 రోజులూ వేసుకోండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటే అది మొదలుపెట్టకముందే డాక్టరుకి చెప్పండి.