బ్యూరోక్రసీ వ్యాసంలో మార్కులు ఎక్కడ పోతున్నాయి: సమస్య - పరిష్కారం

ఒడిశాలోని రాయగడలో మా ఇంటి వరండాలో సాయంత్రాలు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివే పిల్లలు కూర్చుంటారు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. అందరికీ ఏదో ఒక రోజు తగిలే ప్రశ్న ఒకటుంది: "వెబర్ చెప్పిన హేతుబద్ధ ఉద్యోగస్వామ్యాన్ని ఆదర్శ రూపంగా అంచనా వేసి, రెడ్ టేప్ దుష్ఫలితాలను చర్చించండి." వెబర్ అంటే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్, ఉద్యోగస్వామ్యం అంటే బ్యూరోక్రసీ, రెడ్ టేప్ అంటే వాడుకలో నియమాలు, కాగితాల పేరుతో పనిని సాగదీయడం. ఈ వ్యాసాలు చాలా దిద్దాను. దాదాపు అన్నీ ఒకే చోట్ల దెబ్బతింటున్నాయి.

సమస్య: "వెబర్ మంచి వ్యవస్థ చెప్పాడు, మన ఆఫీసులు అలా లేవు, కాబట్టి వెబర్ తప్పు" అని వ్యాసం తేలుస్తుంది

కారణం "ఆదర్శ" అన్న మాట. మనం దాన్ని ఆదర్శ దంపతులు, ఆదర్శ గ్రామం అన్నట్టు "ఇలా ఉండాలి" అనే అర్థంలో తీసుకుంటాం. వెబర్ ఉద్దేశం అది కాదు. 1904లో రాసిన వ్యాసంలో ఆయన ఆదర్శ రూపాన్ని ఒక ఆలోచనా పరికరంగా వివరించాడు. నిజ జీవితంలో చెల్లాచెదురుగా కనిపించే లక్షణాల్లో కొన్నింటిని ఏరి, కావాలనే కాస్త పెద్దవి చేసి, ఒక్క చిత్రంగా కూర్చడమన్నమాట. అది అచ్చంగా ఎక్కడా దొరకదని కూడా ఆయనే చెప్పాడు. బట్టలకొట్లో మీటరు బద్దలాంటిది అది. గుడ్డ మీటరు లేదని బద్దను విరగ్గొట్టం కదా.

పైగా ఉద్యోగస్వామ్యం సమర్థమైనదని వెబర్ అన్నది పోల్చి చెప్పిన మాట. పదవిని సొంత ఆస్తిలా అనుభవించే పాతకాలపు కొలువులతో పోలిస్తే రాతపూర్వక నియమాలు, అంచెల అధికారం, అర్హత చూసి నియామకం, జీతం, ఫైళ్లు, మొహం చూడకుండా అందరికీ ఒకే నియమం ఉన్న యంత్రాంగం మెరుగు అన్నాడు. దాని మీద ఆయనకు ప్రేమేం లేదు. మనుషులు యంత్రంలో చిన్న చిన్న పళ్లచక్రాలుగా మిగిలిపోతారన్న భయాన్ని 1909లో వియన్నా సభలో బయటపెట్టాడు కూడా.

దీన్ని సరిచేయడం తేలిక. "వెబర్ కోరుకున్నాడు", "వెబర్ సిఫార్సు చేశాడు" అని ఎక్కడ రాశారో వెతికి కొట్టేయండి. వాటి చోట "ఈ కొలబద్దతో చూస్తే మన ఆఫీసు ఫలానా లక్షణంలో ఇంత దూరంలో ఉంది" అని రాయండి. అంచనా అంటే ఆ దూరం ఎంతో, ఎందుకో చెప్పడం.

సమస్య: జాప్యం, అవినీతి, మొండితనం, నిర్లక్ష్యం అని దుష్ఫలితాల జాబితా ఉంటుంది కానీ వాదన ఉండదు

వ్యాసం ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. జాబితాలో సగం అసలు ఉద్యోగస్వామ్యం దుష్ఫలితాలే కావు. లంచం తీసుకునే గుమాస్తా వెబర్ నమూనాను పాటించనివాడు. రెడ్ టేప్ నమూనాను మరీ ఎక్కువగా పాటించడం వల్ల పుడుతుంది. ఈ రెండూ కలిపేస్తే వాదన పోతుంది.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1940లో చూపింది ఈ రెండో దారినే. పై అధికారులకు నమ్మకంగా, ఒకే తీరుగా పని జరగాలి, అందుకే నియమాలు పెడతారు. నియమం తప్పితే ఉద్యోగికి శిక్ష, పాటిస్తే ప్రమోషన్. కొన్నేళ్లకు నియమం ఎందుకు పెట్టారో మరుగున పడి, పాటించడమే గమ్యమైపోతుంది. దీన్నే లక్ష్య స్థానభ్రంశం అంటారు. మీ వ్యాసంలో ఈ గొలుసు మెట్టుమెట్టుగా కనబడాలి, దానికి తగిన ఒక్క ఉదాహరణ కావాలి. ఢిల్లీ ఉదాహరణ అక్కర్లేదు, మన దగ్గరే ఉంది.

ఒక కుర్రాడు రెసిడెన్స్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టాడు. వాళ్ల నాన్న పేరు స్కూలు సర్టిఫికెట్‌లో "పి. అప్పారావు" లాంటిదనుకోండి. ఒడియా భూమి పట్టాలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, "రావు" కాస్తా "రావ్" అయింది. మన ఇంటిపేరు ముందొస్తుంది, ఒడియా వాళ్లది చివరొస్తుంది. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి ఎక్కించేటప్పుడు పేరు ఇలా మారడం ఇక్కడ ఇంటింటి కథ. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, అంటే ఆర్‌ఐ ఊరికొచ్చి, ఇరుగుపొరుగును అడిగి, రెండు పేర్లూ ఒకరివేనని రిపోర్టు రాశాడు. అయినా దరఖాస్తు వెనక్కొచ్చింది, అఫిడవిట్ తెమ్మన్నారు.

"అఫిడవిట్‌లో మా నాన్న రాసేది కూడా అదేగా మాస్టారూ?" అన్నాడు కుర్రాడు.

వ్యాసానికి కావలసిన ముడి ఆ ప్రశ్నలోనే ఉంది. ఆర్‌ఐ విచారణ ప్రభుత్వం చేసిన రుజువు. అఫిడవిట్‌లో దరఖాస్తుదారు తన గురించి తానే చెప్పుకుంటాడు. నిజం తేల్చడమే లక్ష్యమైతే మొదటిదే బలమైనది. గుమాస్తాకు రెండోది ఎందుకు నచ్చింది? రేపు ఆడిట్‌లోనో విచారణలోనో ఎవరైనా అడిగితే బాధ్యత తన మీద కాక దరఖాస్తుదారు మీద పడుతుంది. ఆయన సోమరి కాదు, చెడ్డవాడూ కాదు. వ్యవస్థ ఆయనకు నేర్పిన జాగ్రత్త అది. గమ్యం "ఇతను ఇక్కడివాడేనా" నుంచి "ఫైలులో కాగితం ఉందా" అన్నదానికి జరిగిపోయింది.

వెబర్ మీద సరైన విమర్శ కూడా ఈ ఉదాహరణలోనే దొరుకుతుంది. తెలిసినవాడు ఆర్‌ఐ, నిర్ణయం మాత్రం పై అంచెది. పదవి వల్ల వచ్చే అధికారాన్నీ, తెలివిడి వల్ల వచ్చే అధికారాన్నీ వెబర్ ఒకే మూటలో కట్టాడని సామాజిక శాస్త్రవేత్తలు పార్సన్స్, ఆ తర్వాత 1954లో గౌల్డ్‌నర్ ఎత్తిచూపారు. ఈ విమర్శ కొలబద్ద తయారీలోనే లోపం చూపుతుంది కాబట్టి, "ఆచరణలో లేదు" అనే విమర్శ కంటే చాలా బరువైనది.

సమస్య: ప్రతి నియమాన్నీ రెడ్ టేప్ అనేస్తున్నారు

కారణం, విసుగునే నిర్వచనంగా తీసుకోవడం. ఒకరికి రెడ్ టేప్ అనిపించేది ఇంకొకరికి రక్షణ కవచం కావచ్చని హెర్బర్ట్ కాఫ్‌మన్ 1977లో చెప్పాడు. పేర్లు సరిపోలాలనే నియమం లేకపోతే దొంగ కులధ్రువీకరణతో ఆదివాసీ కుర్రాడి సీటు ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. మన జిల్లాలో అది చిన్న మాట కాదు.

కాబట్టి బారీ బోజ్‌మన్ ఇచ్చిన నిర్వచనం పట్టుకోండి. అమల్లో ఉండి, పాటించడానికి భారమై, పెట్టిన ప్రయోజనాన్ని మాత్రం నెరవేర్చని నియమమే రెడ్ టేప్. మన ఉదాహరణను దీనికి ఆనించి చూడండి. పేర్లు సరిపోల్చడం రక్షణే. ఆర్‌ఐ తేల్చాక అడిగే అఫిడవిట్ వల్ల రక్షణ ఇసుమంతైనా పెరగలేదు, ఒక రోజు కూలి మాత్రం పోయింది. రెడ్ టేప్ ఆ రెండో మెట్టే. కొన్ని నియమాలు పుట్టుకతోనే చెడ్డవి, కొన్ని మొదట్లో మంచివై కాలం మారాక చెడతాయి అని కూడా బోజ్‌మన్ విడదీశాడు. నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకం రెండో రకం. 2014లో కేంద్రం దాని బదులు సొంత ధ్రువీకరణను ప్రోత్సహించింది.

సమస్య: చివర్లో "గడువులు పెట్టాలి, కంప్యూటరీకరించాలి" అని రెండు లైన్లతో ముగుస్తుంది

గడువులు ఇప్పటికే ఉన్నాయి. ఒడిశా ప్రజాసేవల హక్కు చట్టం 2012లోనే వచ్చింది. మీరు రాయాల్సింది గడువు కూడా ఒక నియమమేనని, అదీ గమ్యంగా మారగలదని. అమెరికాలో ఒక ఉపాధి కార్యాలయంలో పనిని లెక్కలతో కొలవడం మొదలుపెడితే ఉద్యోగులు ఆ లెక్కల కోసమే పనిచేయసాగారని పీటర్ బ్లా 1955లో చూపాడు. ఇక్కడైతే, గడువు దాటకుండా దరఖాస్తును తిరస్కరించి "కొత్తగా పెట్టుకో" అన్నా లెక్కలో అది పరిష్కారమైనట్టే కనబడే ప్రమాదం ఉంది. అందుకే పరిష్కారం దగ్గర సూటిగా ఒక్కటి రాయండి: ఆర్‌ఐ రిపోర్టులో పేర్లు ఒకరివేనని తేలితే మరో కాగితం అడగకూడదని రాతపూర్వక ఆదేశం ఉండాలి, దాన్ని నమ్మి సంతకం చేసిన ఉద్యోగిని ఆడిట్‌లో తప్పుపట్టకూడదు. ఆ రెండో భాగం లేకపోతే మొదటిది పనిచేయదు, ఎందుకంటే అఫిడవిట్ అడిగించింది ఆ భయమే.