నగలూ దురదా, 3వ పాఠం: కమ్మల కాడకు నికెల్ పరీక్ష

పోయిన పాఠంలో నికెల్ పడని చర్మాన్ని ఎట్లా గుర్తుపట్టాలో చూశాం. దురద నగ పెట్టిన వెంటనే రాదు, సాధారణంగా ఒకటి రెండు రోజులకు మొదలవుతుంది, నగ తీసేసినా కొన్ని రోజులు వదలదు. ఈసారి మన దగ్గరున్న నగల్లో ఆ నికెల్ ఎక్కడి నుంచి బయటికొస్తుందో మనమే పట్టుకుందాం.

కాజీపేటలో ఉండే మా చిన్నమ్మ బిడ్డ వన్ గ్రామ్ గోల్డ్ బుట్టకమ్మలు కొన్నది. పెళ్లిళ్లకు రెండు గంటలు పెట్టుకుంటే ఏమీ కాలేదు గానీ, ఏప్రిల్ ఎండల్లో రోజూ కాలేజీకి పెట్టుకుపోయేసరికి పది రోజుల్లో రెండు చెవితమ్మెలూ ఎర్రబడి రసి కారాయి. "అక్కా, పైన బంగారమే కదా, మరి ఎందుకిట్లయింది?" అని అడిగింది.

పైన బంగారమే, కానీ చాలా పల్చన. అడుగున ఇత్తడి ఉంటుంది, ఇత్తడిలోని రాగి పైకి రాకుండా చాలాసార్లు మధ్యలో నికెల్ పూత వేస్తారు. బుట్టకు రాపిడి తక్కువ, కాడ మాత్రం రోజూ రంధ్రంలో దూరి వస్తూ చెమటలో నానుతుంది. కాబట్టి పూత ముందు పోయేది కాడ మీదే, లోపలి నికెల్ చెమటలో కరిగి తగిలేది కూడా అక్కడి పచ్చి చర్మానికే. ఇంకో మాట, చర్మం మీద పచ్చటి మరక పడితే అది రాగి వల్ల, కడిగితే పోతుంది, దాన్ని అలర్జీ అనుకోకండి.

ఇప్పుడు పరీక్ష. నికెల్ టెస్ట్ కిట్ అని ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అందులో డైమిథైల్ గ్లయాక్సిమ్ ఒక సీసాలో, అమ్మోనియా ఇంకో సీసాలో ఉంటాయి. కిటికీ తెరిచి పెట్టుకోండి, అమ్మోనియా ఘాటు కళ్లకు మంచిది కాదు. కమ్మలను చెవి నుంచి తీసి, కడిగి, బాగా ఆరనివ్వాలి. ఇయర్ బడ్ దూది మీద రెండు సీసాల నుంచీ ఒక్కో చుక్క వేసి, కాడ మీద అర నిమిషం గట్టిగా రుద్దండి. దూది గులాబీ రంగుకు తిరిగితే నికెల్ బయటికి వస్తున్నట్టే. గోధుమరంగో, పచ్చదనమో వస్తే దాన్ని నికెల్ లెక్కలో వేయొద్దు, గులాబీయే కావాలి. పరీక్ష అయినంక నగను సబ్బుతో కడిగేయాలి.

మా చెల్లె కమ్మల్లో బుట్ట మీద రుద్దితే దూది తెల్లగానే ఉంది. దూది మార్చి కాడ మీద రుద్దితే మాత్రం పదిహేను సెకన్లకే ముదురు గులాబీ. వెనకాల బిగించే సీల కూడా అంతే. చాలామంది బుట్ట మీద మాత్రమే చూసి "దీంట్లో నికెల్ లేదు" అనేసుకుంటారు, ఆ తప్పు చేయకండి. గులాబీ వస్తే నమ్మొచ్చు, రాకపోతే మాత్రం పూర్తి భరోసా కాదు, ఎందుకంటే కొత్త నగలో నికెల్ ఇంకా పూత కిందే దాగి ఉండొచ్చు. రెండు నెలలు వాడాక మళ్లీ చూడండి. కాడకు రంగులేని నెయిల్ పాలిష్ పూయడం కొన్నాళ్లకే అరిగిపోతుంది, రోజూ వేసుకునే నగకు అది నిలవదు.

వెండికి వస్తే, 925 అంటే నూటికి 92.5 పాళ్లు వెండి, మిగిలింది ఎక్కువగా రాగి. అది నల్లబడితే గాలిలోని, చెమటలోని గంధకం వల్ల, తుడిస్తే పోతుంది, నికెల్‌కు దానికి సంబంధం లేదు. రోజూ పెట్టుకునేందుకు నేను ముందు చెప్పేది ఇదే. ఒక్క జాగ్రత్త: జర్మన్ సిల్వర్ అనేదాంట్లో వెండి అసలు ఉండదు, రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం అది. పేరు చూసి కొనకండి, 925 ముద్ర చూడండి, కాడకు కూడా పరీక్ష చేయండి.

స్టీలు కథ వేరు. 316ఎల్ స్టీలులో నికెల్ 10 నుంచి 14 శాతం దాకా ఉంటుంది, అయినా పైనుండే క్రోమియం ఆక్సైడ్ పొర దాన్ని బయటికి రానివ్వదు, అందుకే చాలామందికి పడుతుంది. చెమట, నీళ్లు తగిలినా నల్లబడదు, అందుకే పని చేసుకునే చేతులకూ, జిమ్‌కు పోయేవాళ్లకూ బాగుంటుంది. గ్రేడ్ చెప్పకుండా అమ్మే చవక రకాలను మాత్రం పరీక్షించకుండా పెట్టొద్దు. అయస్కాంతంతో చూద్దామనుకుంటే లాభం లేదు, ఇత్తడిని, 316ఎల్‌ను, జర్మన్ సిల్వర్‌ను ఏదీ అది పెద్దగా అంటుకోదు.

మా చెల్లెతో చెవులు పూర్తిగా మానేదాకా ఏమీ పెట్టనివ్వలేదు. మానాక కుడి చెవికి 925 వెండి, ఎడమ చెవికి 316ఎల్ స్టీలు పెట్టి మూడు రోజులు చూశాం. వెండి చెవి మామూలుగా ఉంది, స్టీలు చెవిలో మూడో రోజు సాయంత్రానికి కొద్దిగా దురద. వెంటనే తీసేసింది. నికెల్ అంటే బాగా పడనివాళ్లలో కొందరికి స్టీలు కూడా ఇట్లా అవుతుంది. మీరు కూడా ఇదే చేయొచ్చు, కానీ రసి, చీము, జ్వరం ఉంటే ముందు చర్మం డాక్టరు దగ్గరికి పోండి, వీపు మీద ప్యాచ్ పెట్టి రెండు రోజులు ఉంచి చూసే పరీక్ష వాళ్లే చేస్తారు.

వచ్చే పాఠానికల్లా మీ జీన్స్ గుండీ మీద కూడా దూది రుద్ది చూడండి. బొడ్డు కింద మచ్చ ఉన్నవాళ్లు తప్పకుండా చూడండి, పుస్తెలతాడు గురించి అక్కడి నుంచే మొదలుపెడతాను.