అప్పీల్ రాయడం, 4వ పాఠం: అవతలి మనిషి ఆనవాళ్లు లేకుండా

ఈ వారం నిజానికి యాప్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసే ఉత్తరం గురించి చెప్పాలనుకున్నాను. కానీ మూడో పాఠం చదివి డేటింగ్ యాప్‌లో బ్యాన్ పడినందుకు మీలో కొందరు రాసి పంపిన అప్పీళ్లు చూశాక అది చివరికి జరపాల్సి వచ్చింది. పోయినసారి "స్క్రీన్‌షాట్లు దాచిపెట్టుకోండి" అన్నాను. దాచుకోమన్న మాట చాలామందికి పంపించమన్నట్టు వినిపించింది. ఆ తేడా అక్కడే విడమరచి చెప్పకపోవడం నా తప్పు.

హనుమకొండ నుంచి ఒకబ్బాయి రాసిన అప్పీల్‌నే తీసుకుందాం. అతని అనుమతితోనే వాడుతున్నాను. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను, కొన్ని తీసేశాను. డేటింగ్ యాప్‌లో ఒకామెతో వారం రోజులు మాట్లాడాడు. ఏడో రోజు ఆమె ఐదు వేలు అడిగింది. ఇతను ఇవ్వనన్నాడు. ఆమె అన్‌మ్యాచ్ చేసింది. మర్నాడు సాయంత్రానికి అతని అకౌంట్‌కు బ్యాన్ పడింది. కారణం దగ్గర "కమ్యూనిటీ గైడ్‌లైన్స్ ఉల్లంఘన" అని తప్ప ఇంకేమీ లేదు. "అన్నా, ఆమెనే రిపోర్టు కొట్టింది, నాకు పక్కా తెలుసు" అని నాకు మెసేజ్ పెట్టాడు. అప్పీల్‌కు ఆమె ఫోటో, పేరు, ఫోన్ నంబరు, ఇన్‌స్టా ఐడీ, మొత్తం చాట్ తాలూకు పదకొండు స్క్రీన్‌షాట్లు జతచేశాడు.

ఇక్కడ రెండు పొరపాట్లున్నాయి. ఎవరు రిపోర్టు కొట్టారో యాప్ చెప్పదు. ఆమే కావచ్చు, అంతకుముందు వారం మాట్లాడిన ఇంకొకరు కావచ్చు. నిరూపించలేని మాట మీద అప్పీల్ నిలబెడితే ఆ మాట పడిపోగానే మిగతాదీ పడిపోతుంది. పైగా పరిశీలించే మనిషి వైపు నుంచి చూడండి. వాళ్ల ముందున్న ఫిర్యాదు "ఈ వ్యక్తి ఇబ్బంది పెడుతున్నాడు" అనే రకం అనుకుందాం. ఆ వ్యక్తే ఒకామె నంబరు, ఫోటో, సోషల్ మీడియా వివరాలు పోగుచేసి పంపితే ఫిర్యాదు నిజమే అనిపించదా? ఇంకొకరి సొంత వివరాలు బయటపెట్టడం చాలా యాప్‌లలో దానికదే నియమ ఉల్లంఘన. తప్పుడు రిపోర్టు మీద పోరాడబోయి నిజమైన తప్పు ఒకటి చేతికిచ్చినట్టవుతుంది.

ఇంకో సంగతి. అన్‌మ్యాచ్ అయ్యాక చాట్ మన ఫోన్‌లో కనబడదు కాబట్టి అది లోకంలోనే లేదనుకుంటాం. కంపెనీ దగ్గర కొంతకాలం ఉంటుంది. రిపోర్టు వచ్చిన సంభాషణనైతే తీసి చూసే వీలు వాళ్లకుంటుంది. మీరు చెప్పాల్సింది ఎక్కడ చూడాలన్నదే. తారీఖు, సుమారు సమయం, ఆ సంభాషణలో ఏం జరిగిందో ఒక వాక్యం. అంతకు మించి అవతలి మనిషి గురించి ఏదీ అక్కర్లేదు.

"పేరు తీసేశాను కదా" అని అతను రెండో చిత్తు పంపాడు. అందులో ఇలా ఉంది: "కాజీపేట వైపు ఉంటుంది, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్స్, ఒక పాప ఉంది, భర్త గల్ఫ్‌లో." పేరు లేదు, నిజమే. కానీ ఈ నాలుగు ముక్కలు కలిపితే కాజీపేటలో ఎంతమంది మిగులుతారు? మన దగ్గర పేరు కంటే వాడకట్టు, డ్యూటీ, ఇంటి సంగతి కలిపి చెబితేనే మనిషిని ముందు గుర్తుపడతారు. జగిత్యాలలోనో పెద్దపల్లిలోనో అయితే రెండు ముక్కలే చాలు. అప్పీల్ చదివేది ఎక్కడో కూర్చున్న ఉద్యోగే కావచ్చు. కానీ మీరు రాసిన కాపీ మీ ఫోన్‌లో ఉంటుంది, సలహా కోసం స్నేహితుడికి పంపుతారు, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోతుంది. ఆమె ఈ యాప్‌లో ఉందన్న విషయమే ఆమె ఇంట్లో తెలియకపోవచ్చు. ఆమె డబ్బు అడగడం తప్పే, దానికి వేరే దారి ఉంది. అంతమాత్రాన ఆమె బతుకు వివరాలు మన కాగితం మీదికి రాకూడదు.

ఇక నన్ను బాగా చిరాకు పెట్టే విషయం, పేర్లు చెరపడం. ఫోన్ గ్యాలరీలో మార్కర్‌తో పేరు మీద నల్లగా నాలుగు గీతలు గీసి "అయిపోయింది" అంటారు. ఆ మార్కర్ చాలా ఫోన్లలో పూర్తి నలుపు కాదు, హైలైటర్‌లాగా కొంచెం పారదర్శకంగా ఉంటుంది. కంటికి నల్లగానే కనిపిస్తుంది. అదే ఫోటోలో బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ పెంచితే కింద అక్షరాలు తేలుతాయి. నమ్మకం లేకపోతే మీ పేరు మీదే గీసి, ఎడిట్‌లోకి వెళ్లి బ్రైట్‌నెస్ చివరిదాకా జరిపి చూడండి. మసకబార్చడం కూడా అంతే. పేరు పొట్టిదైతే, మసక తక్కువైతే ఆకారాన్ని బట్టి చదివేయవచ్చు. వర్డ్ ఫైల్లో నల్ల పెట్టె పెట్టి పీడీఎఫ్ చేసినవాళ్లున్నారు. ఆ పెట్టె కింది అక్షరాలను కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే పూర్తిగా వచ్చేస్తాయి. కత్తిరించిన బొమ్మనూ గుడ్డిగా నమ్మలేం. గూగుల్ పిక్సెల్ ఫోన్ల స్క్రీన్‌షాట్ ఎడిటర్‌లో కత్తిరించి పారేశామనుకున్న భాగాన్ని తిరిగి రాబట్టే లోపం ఉందని 2023లో బయటపడింది. తర్వాత సరిచేశారు, కానీ అంతకుముందు పంపిన బొమ్మలు పంపినట్టే ఉండిపోయాయి.

పేరొక్కటి చెరిపితే సరిపోదు. స్క్రీన్ పైన గుండ్రంగా ఆమె ఫోటో ఉంటుంది. సంభాషణ మధ్యలో "మా చెల్లి పెళ్లి ములుగు రోడ్డులో ఫలానా ఫంక్షన్ హాల్లో" అని ఉంటుంది. మీ నోటిఫికేషన్ల వరుసలో ఇంకెవరిదో మెసేజ్ కూడా పడి ఉంటుంది. ఒకతను అన్నీ చెరిపి, ఆ నోటిఫికేషన్‌లో వాళ్ల అక్క పేరు, బ్యాంకు ఓటీపీ వదిలేశాడు.

అందుకే నా పద్ధతి ఏమిటంటే, మొదటి అప్పీల్‌తో బొమ్మే పంపను. వాళ్లు అడిగితేనే పంపుతాను. అడిగినా పదకొండు కాదు, డబ్బు అడిగిన ఒక్క మెసేజ్, దానికి మీ జవాబు. అసలు ఫైలును ముట్టుకోకుండా కాపీ చేసి, ఆ కాపీ మీద గట్టి రంగు నింపిన పెట్టె పెట్టి, దాన్ని స్క్రీన్ మీద తెరిచి మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి, ఆ కొత్త బొమ్మ పంపుతాను. అప్పుడు కింద పొర అంటూ ఉండదు. పంపేముందు బ్రైట్‌నెస్ పరీక్ష చేస్తాను.

అసలు ఫైలును ముట్టుకోకుండా అన్నాను కదా, అది గట్టిగా చెప్పడానికి కారణముంది. పోయిన పాఠం తర్వాత ఇద్దరు అసలు స్క్రీన్‌షాట్ మీదే గీసి సేవ్ చేశారు. వాళ్లలో ఒకరిని ఇప్పుడు డబ్బు కోసం బెదిరిస్తున్నారు. పోలీసులకు చూపించాల్సింది చెరపని కాపీ. బెదిరింపు ఉంటే అప్పీల్‌ను పక్కన పెట్టి ముందు 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ నంబరు, ఐడీ, పూర్తి చాట్ ఇవ్వాలి, ఇవ్వచ్చు. కంపెనీకి వెళ్లే కాగితం వేరు, పోలీసులకు వెళ్లేది వేరు.

హనుమకొండ అబ్బాయి మూడో చిత్తు ఇది. ఇద్దరం కూర్చుని రాశాం. తారీఖులు మార్చాను.

"నా అకౌంట్ మార్చి 12 సాయంత్రం ఆగిపోయింది. ఈ ఫారంలో ఇచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిల్ ఆ అకౌంట్‌వే. గైడ్‌లైన్స్ ఉల్లంఘన అని మాత్రమే తెలిపారు, ఏ నియమమో నాకు తెలియదు. ప్రొఫైల్‌లోని నాలుగు ఫోటోలు నావే, సెల్ఫీ వెరిఫికేషన్ జనవరిలో పూర్తి చేశాను, అవసరమైతే మళ్లీ చేస్తాను. మార్చి 5 నుంచి 12 వరకు నేను రెండు సంభాషణల్లో మాత్రమే మాట్లాడాను. మార్చి 11 రాత్రి 10 గంటల ప్రాంతంలో ఒక సంభాషణలో నన్ను డబ్బు అడిగారు, నేను కాదన్నాను. ఆ తర్వాత 'ఎందుకు జవాబివ్వడం లేదు' అని నేను వరుసగా మూడు మెసేజ్‌లు పంపాను, అది సరికాదని ఒప్పుకుంటున్నాను. నేను తిట్టలేదు, బెదిరించలేదు, లింకులు పంపలేదు. ఆ సంభాషణను మొదటి నుంచి చదివి నిర్ణయాన్ని మరోసారి పరిశీలించమని కోరుతున్నాను."

ఆ మూడు మెసేజ్‌ల సంగతి రాయనని అతను చాలాసేపు పట్టుబట్టాడు. వాళ్లకు ఎలాగూ కనిపిస్తాయి. మనం ముందే చెబితే మిగతా మాటల మీద నమ్మకం నిలుస్తుంది. "ఆమె నన్ను డబ్బు అడిగింది" అనకుండా "ఒక సంభాషణలో నన్ను డబ్బు అడిగారు" అన్నాం, గమనించండి. తప్పుడు రిపోర్టు అన్న మాటే ఎక్కడా లేదు. దీన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పంపాం. తెలుగులో చిత్తు రాసుకోవడం ఎందుకంటే, కోపం ఎక్కడ దాగిందో మన భాషలో అయితేనే దొరుకుతుంది.

అతని అకౌంట్ సంగతి ఇంకా తేలలేదు. ఈలోపు వేరే సిమ్‌తో కొత్త అకౌంట్ తెరవొద్దని చెప్పాను. బ్యాన్ తప్పించుకోవడం అనే కొత్త కారణం చేతికి దొరుకుతుంది. రోజుకో అప్పీల్ పెట్టినా వరుస ముందుకు జరగదు. డబ్బు కట్టి వాడుతున్నవాళ్లు ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ ఆగిందో లేదో చూసుకోండి, బ్యాన్ పడినా అది నడుస్తూనే ఉండొచ్చు. అడగకుండా ఆధార్ పంపకండి. అడిగితే మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటారేమో ముందు అడగండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

గ్రీవెన్స్ ఆఫీసర్ గురించి ఈసారికి క్లుప్తంగా. 2021 ఐటీ నియమాల ప్రకారం కంపెనీ ఆ అధికారి పేరు, సంప్రదించే వివరాలు వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో పెట్టాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి. ఆ అధికారి నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోపు gac.gov.in లో గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లవచ్చు. అందుకని జవాబు వచ్చిన తారీఖు రాసిపెట్టుకోండి. అక్కడికి జతచేసే కాగితాలకూ పైన చెప్పిన జాగ్రత్తలే వర్తిస్తాయి.

అభ్యాసం. మీ అప్పీల్‌ను ఎనిమిది వాక్యాల్లో తిరగరాయండి. "ఆమె", "అతను", "వాళ్లు" అన్న మాట ఒక్కసారి కూడా రాకూడదు. ప్రతి వాక్యం మీరు చేసిన పని గురించి గానీ, మీ అకౌంట్‌కు జరిగిన దాని గురించి గానీ ఉండాలి. తర్వాత మీ వాడకట్టులో ఉండే, ఈ గొడవ తెలియని ఒకరిని మనసులో పెట్టుకుని చదవండి. ఆ మనిషి "ఎవరిదీ, ఫలానా వాళ్లదా?" అని అడిగే అవకాశం ఏ వాక్యంలో ఉందో అది కొట్టేసి మళ్లీ రాయండి. నాకు పంపేవాళ్లు బొమ్మలు లేకుండా, ఆ ఎనిమిది వాక్యాలే పంపండి.