గ్లూకోజు ప్రశ్న ఎక్కడ తప్పుతోంది: ఫెసిలిటేటెడ్‌కీ సెకండరీ యాక్టివ్‌కీ మధ్య తికమక

అమలాపురం దగ్గర బైపీసీ పిల్లలకి సాయంత్రాలు ట్యూషన్ చెప్తుంటాను. కణత్వచం రవాణాలో సింపుల్ డిఫ్యూజన్ ఎవరూ తప్పు పెట్టరు, ఆక్సిజన్ పొరలోంచి తిన్నగా దూరిపోతుంది, ప్రోటీన్ అక్కర్లేదు, అంతే. సోడియం పొటాషియం పంపు కూడా బానే రాస్తారు. పోయే మార్కులన్నీ ఆ రెంటికీ మధ్యలోనే పోతాయి, అంటే ప్రోటీన్ తలుపు గుండా ఎక్కువ నుంచి తక్కువకి దిగే ఫెసిలిటేటెడ్ డిఫ్యూజన్ దగ్గరా, ఇంకో పదార్థం దిగే బలంతో ఎదురు మోసే సెకండరీ యాక్టివ్ దగ్గరా, అందుకే ఒక్క ప్రశ్న పట్టుకుని దాన్నే విప్పి చూపిస్తాను.

ప్రశ్న ఇది. చిన్నపేగు కణంలో గ్లూకోజు బయటికంటే ఎక్కువ ఉంది, అయినా ఇంకా లోపలికి వస్తూనే ఉంది. తెచ్చే ప్రోటీన్ ఏటీపీని విడగొట్టట్లేదు. బయట సోడియం తీసేస్తే రావడం ఆగిపోయింది. ఇది ఏ రకం రవాణా?

సమస్య: "ఏటీపీ వాడలేదు" అని చూడగానే ఫెసిలిటేటెడ్ డిఫ్యూజన్ పెట్టేస్తున్నారు

మొన్న ఒకమ్మాయి అదే పెట్టి, "ఏటీపీ లేదని ప్రశ్నలోనే ఉంది కదండీ మాస్టారూ" అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, మనం చెప్పడమే ఏటీపీ ఉంటే యాక్టివ్, లేకపోతే పాసివ్ అని చెప్పేస్తాం. కారణం అక్కడుంది.

"ఏటీపీ సంగతి పక్కన పెట్టమ్మా, గ్లూకోజు ఎటు పోతోందో చూడు, తక్కువ ఉన్న చోటికా, ఎక్కువ ఉన్న చోటికా?" అని అడిగాను. ఎక్కువ ఉన్న చోటికి అంది. అయితే ఎంత తలుపు తెరిచినా డిఫ్యూజన్ అవదు, ఎవరో మోస్తున్నారు. ఇప్పుడు సోడియం ఎటు పోతోంది? ఎక్కువ ఉన్న బయట నుంచి తక్కువ ఉన్న లోపలికి. మోసేది అదే. ప్రతి పదార్థానికీ బాణం విడిగా గీసుకోండి, ఒక బాణం దిగుతూ ఇంకోటి ఎక్కుతుంటే అది సెకండరీ యాక్టివ్. రెండూ ఒకే వైపు పోతే సింపోర్ట్, ఎదురెదురుగా పోతే యాంటీపోర్ట్.

నూతి గిలక మీద తాడుకి చెరో చివరా బకెట్ కట్టారనుకోండి. బరువు బకెట్ కిందకి దిగుతుంటే తేలిక బకెట్ పైకి లేస్తుంది, గిలకకి కరెంటు అక్కర్లేదు. కానీ ఆ బరువు బకెట్‌ని మళ్ళీ పైకి చేర్చాలి కదా, అక్కడ మనిషి కష్టపడాలి. గిలక ఎస్‌జీఎల్‌టీ-1 అనే ప్రోటీన్, దిగే బకెట్ సోడియం, లేచేది గ్లూకోజు. బకెట్‌ని తిరిగి పైకి చేర్చే మనిషి సోడియం పొటాషియం పంపు, ఒక ఏటీపీకి 3 సోడియంలని బయటికి తోసి 2 పొటాషియంలని లోపలికి తెస్తుంది. ఏటీపీ ఖర్చయ్యేది అక్కడ, గిలక దగ్గర కాదు. "సెకండరీ" అన్న మాటకి అర్థం ఇదే.

ఎంత ఎత్తుకి మోయగలదో లెక్క కూడా వేద్దాం, ఒకసారి వేస్తే మర్చిపోరు. సోడియం బయట 10 రెట్లు ఎక్కువ అనుకుందాం, పొర లోపలి వైపు మైనస్ 50 మిల్లీవోల్టులు అనుకుందాం. ఒంటి వేడి దగ్గర 10 రెట్ల తేడా సుమారు 61 మిల్లీవోల్టులతో సమానం. సోడియంది ప్లస్ ఛార్జి, లోపలున్న మైనస్ కూడా దాన్ని లాగుతుంది, కాబట్టి ఒక్కో సోడియం తెచ్చే బలం 61 + 50 = 111. ఎస్‌జీఎల్‌టీ-1 ఒక గ్లూకోజుతో 2 సోడియంలని తెస్తుంది, అంటే 222. గ్లూకోజుకి ఛార్జి లేదు కనక 222ని 61తో భాగిస్తే 3.6 పైన వస్తుంది, 10ని ఆ ఘాతానికి వేస్తే 4 వేల రెట్లు దాటుతుంది. అదే ఒక్క సోడియమే అయితే 66 రెట్ల దగ్గర ఆగిపోతుంది. ఇవి పైహద్దులు మాత్రమే, కణంలో నిజంగా అంత పేరుకోదు, ఎందుకంటే గ్లూకోజు రెండో వైపు నుంచి బయటికి పోతూ ఉంటుంది.

కిడ్నీ ప్రశ్నకి కూడా ఇదే తాళంచెవి. ప్రాక్సిమల్ నాళిక మొదట్లో గ్లూకోజు బోలెడుంటుంది, అక్కడ ఒక్క సోడియంతో సరిపెట్టే ఎస్‌జీఎల్‌టీ-2 ఉంటుంది, చివర్లో మిగిలిన కాస్తని కూడా ఊడ్చుకు రావడానికి 2 సోడియంల ఎస్‌జీఎల్‌టీ-1 ఉంటుంది. బట్టీ పట్టక్కర్లేదు.

సమస్య: గ్రాఫ్ వంగి చదునైతే "యాక్టివ్" అనుకుంటున్నారు

గాఢత పెంచుతుంటే వేగం కొంతవరకు పెరిగి ఆగిపోతే, ప్రోటీన్ల సీట్లన్నీ నిండిపోయాయని అర్థం, రావులపాలెం బస్సులో సీట్లు నిండినట్టు. అది క్యారియర్ ఉందని చెప్తుందంతే, ఎదురు మోస్తోందో లేదో చెప్పదు. గ్లూట్ రకం ఫెసిలిటేటెడ్ క్యారియర్‌కీ అలాగే వంగుతుంది. తిన్నటి గీత అయితే సింపుల్ డిఫ్యూజన్.

సమస్య: ఔవబైన్ వేస్తే గ్లూకోజు ఆగింది, కాబట్టి ప్రైమరీ యాక్టివ్ అని రాస్తున్నారు

ఔవబైన్ పట్టుకునేది సోడియం పొటాషియం పంపుని, గ్లూకోజు క్యారియర్‌ని కాదు. పంపు ఆగితే సోడియం లోపల మెల్లగా పేరుకుంటుంది, తేడా తగ్గుతుంది, అప్పుడు గ్లూకోజు మందగిస్తుంది. వెంటనే ఆగిందా, కాసేపటికి ఆగిందా అన్న మాట ప్రశ్నలో ఉంటే దాని కింద గీత పెట్టుకోండి, కాసేపటికి అంటే సెకండరీ. ఫ్లోరిజిన్ వేస్తే మాత్రం దెబ్బ తిన్నగా ఎస్‌జీఎల్‌టీ మీదే.

ఇంకా గట్టి రుజువు కావాలంటే పేగు పొర ముక్కల్తో చేసిన చిన్న సంచుల ప్రయోగం ఉంది. సంచుల్లో ఏటీపీ ఉండదు. బయట సోడియం ఎక్కువ పెడితే గ్లూకోజు లోపలికి ఎగబడి, సమానమవ్వాల్సిన మట్టాన్ని దాటి పైకెళ్ళి, సోడియం తేడా కరిగాక మళ్ళీ కిందకి దిగుతుంది. సోడియం బదులు పొటాషియం పెడితే ఆ ఎగబాకుడు ఉండదు. ఏటీపీ లేకుండా మట్టం దాటింది కదా, నడిపేది సోడియం తేడానే అని తేలిపోయింది.

సమస్య: పేగు కణం బొమ్మలో గ్లూకోజు బయటికి పోయే చోట కూడా ఎస్‌జీఎల్‌టీ రాస్తున్నారు

కణానికి రెండు ముఖాలున్నాయని మర్చిపోవడమే కారణం. ఆహారం వైపు ముఖంలో ఎస్‌జీఎల్‌టీ-1. రక్తం వైపు ముఖంలో గ్లూట్-2, ఇక్కడ గ్లూకోజు ఎక్కువ నుంచి తక్కువకి దిగిపోతుంది, ఫెసిలిటేటెడ్. పంపు కూడా రక్తం వైపే. బొమ్మలో ముందు రక్తనాళం ఎటుందో గీసి తర్వాత ప్రోటీన్లు పెట్టండి, తప్పు పడదు.

ఓఆర్ఎస్ ప్రశ్న దీన్నుంచే వస్తుంది. కలరాలో పేగు కణం క్లోరైడ్‌ని, దాంతో నీళ్ళని బయటికి వదిలేస్తుంది గానీ ఎస్‌జీఎల్‌టీ-1 పని చేస్తూనే ఉంటుంది. అందుకే 2002 నుంచి వాడుతున్న ప్యాకెట్ కలిపిన లీటరు నీళ్ళలో సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోల్స్ సమానంగా ఉంటాయి, రెండూ కలిసి లోపలికి పోతే వాటి వెంట నీళ్ళూ పోతాయి. మా కోనసీమలో విరోచనాలైతే ముందు బొండం కొడతారు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం బాగా ఉంది, చక్కెరా ఉంది, సోడియం మాత్రం చాలా తక్కువ. "కొబ్బరి నీళ్ళు ఓఆర్ఎస్‌కి బదులు ఎందుకు కావు" అని రెండు మార్కులకి అడిగితే, గ్లూకోజుతో పాటు దిగాల్సిన సోడియం అందులో చాలినంత లేదు అని రాయండి.