ఖాళీ కడుపుతో ఉత్త నీళ్లు: ఎండ పనిలో మనుషుల్ని పడేస్తున్న తప్పు

మొన్న మంగళవారం మా సైట్‌లో స్లాబ్ పోస్తుండగా ఒక కుర్రాడు కుప్పకూలాడు. పాతికేళ్లుంటాయి, గట్టి మనిషి. పొద్దున ఆరున్నరకు పని మొదలైంది. కాంక్రీటు మధ్యలో ఆపకూడదు కాబట్టి, తిండి సంగతి అయ్యాక చూసుకుందామనుకున్నారు. పన్నెండు గంటలకు అతని పిక్క పట్టేసింది. రెండు నిమిషాలు రుద్దుకుని మళ్లీ తట్ట ఎత్తాడు. కాసేపటికి తొడ, ఆ తర్వాత పొట్ట పట్టేసి ముడుచుకుపోయాడు. స్లాబ్ అంచు అక్కడికి రెండు గజాల దూరంలో ఉంది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక కోలుకున్నాడు. ఆ రెండు గజాలు తలుచుకుంటే నాకు ఇంకా నిద్ర పట్టడం లేదు.

అందరూ అన్న మాట ఒకటే: "నీళ్లు తాగి ఉండడు." తాగాడు. అతని పక్కన ఉన్న లీటరు సీసాను అయిదుసార్లు నింపడం నేను చూశాను. అతని కడుపులో పడనిది తిండి.

పద్దెనిమిదేళ్లుగా పనివాళ్లతో ఉన్నాను. ఎండలో నీళ్లు తాగమని ఇప్పుడు ఎవరికీ చెప్పనక్కర్లేదు. కానీ తిండి మానేసి, పొద్దంతా ఉత్త నీళ్లతో నెట్టుకొచ్చే తప్పు మాత్రం ఏటా చూస్తున్నాను. ఈ ఎండలు ముదిరే ముందు దాని గురించే చెప్పాలని రాస్తున్నాను.

ఆ కుర్రాడి లెక్కే చూద్దాం. ఎండలో బరువు పని చేసేవాడికి గంటకు దాదాపు లీటరు చెమట పోతుంది. ఆరు గంటలకు ఆరు లీటర్లు. లీటరు చెమటలో ఎంత ఉప్పు ఉంటుందన్నది మనిషిని బట్టి మారుతుంది. రెండు మూడు గ్రాములు అనుకున్నా, అతని ఒంట్లోంచి పన్నెండు నుంచి పద్దెనిమిది గ్రాములు పోయింది. అంటే రెండు మూడు టీ చెంచాల ఉప్పు. నీళ్లు చాలావరకు తిరిగి వచ్చాయి, ఉప్పు మాత్రం రాలేదు. మిగిలిన కాస్త ఉప్పును అయిదు లీటర్ల నీళ్లు ఇంకా పలచన చేశాయి. కండరం సరిగా బిగుసుకుని, సరిగా వదలాలంటే దాని చుట్టూ ఉప్పు తగినంత ఉండాలి. లేకపోతే బిగుసుకున్నది వదలదు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. ఇంగ్లండ్ బొగ్గు గనుల్లో వేడికి కార్మికుల కండరాలు పట్టేయడం గురించి కె. నెవిల్ మాస్ 1923లోనే రాశారు. విపరీతంగా చెమట పట్టి, దానికి తోడు ఉత్త నీళ్లు ఎక్కువగా తాగడం వల్లే అలా అవుతోందని తేల్చారు. నూరేళ్లు దాటినా మనం అదే తప్పు చేస్తున్నాం.

పట్టేసిన ప్రతిసారీ ఉప్పే కారణం అనుకోకండి. ఒకే కండరం బాగా వాడి అలసిపోయినా పట్టేస్తుంది, సాగదీస్తే వదులుతుంది. ఒకచోట వదిలి ఇంకోచోట పట్టేస్తుంటే, పిక్కల నుంచి పొట్టకు పాకుతుంటే, అప్పటికే గంటల తరబడి చెమట కారి ఉంటే ఉప్పు తగ్గిందని అనుమానించాలి. పని దిగి చల్లబడ్డాక, రాత్రి పడుకున్నాక పట్టేయడం కూడా ఇందులో భాగమే.

తిండి సంగతి

ఒంటికి కావాల్సిన ఉప్పులో ఎక్కువ భాగం భోజనం నుంచే వస్తుంది. వేళకు తినేవాడికి వేరే మందేమీ అక్కర్లేదు, మామూలు నీళ్లు చాలు. పనిలోకి దిగే ముందు ఉప్పు సరిపడా ఉన్న తిండి తినాలి. మూడు గంటలకోసారి మళ్లీ కొంచెం తినాలి. మధ్యాహ్నం ఒకేసారి కడుపు నిండా, నూనె ఎక్కువగా ఉన్నవి తిని ఎండలోకి వెళితే వికారం పుడుతుంది, అందుకే కొంచెం కొంచెంగా తినమంటున్నాను. పని ఆగకూడదంటే మనుషుల్ని విడతలుగా పంపండి. పది నిమిషాలు చాలు.

తాగే సంగతి

పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు, అంటే పావు లీటరు తాగాలి. దాహం వేసే దాకా ఆగకూడదు. అలాగని గంటకు లీటరున్నర దాటకూడదు. రెండు గంటలకు మించి ఆగకుండా చెమట కారే పనైతే మధ్యమధ్యలో ఓఆర్ఎస్ ఇవ్వండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో అర టీ చెంచా ఉప్పు, ఆరు టీ చెంచాల చక్కెర కలపండి. చెంచాలు తలకొట్టి కొలవాలి. చక్కెర రుచి కోసం కాదు, పేగుల్లోంచి ఉప్పునూ నీళ్లనూ లోపలికి తీసుకెళ్లేది అదే. కలిపాక రుచి చూడండి. కన్నీళ్లకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి.

ఇక మిగిలినవి వరసగా చెబుతాను.

ఉప్పు బిళ్లలు మింగకండి. కడుపులో మండి వాంతి అవుతుంది, ఉన్న నీళ్లు కూడా పోతాయి.

బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవాళ్లు ఉప్పు పెంచే ముందు డాక్టర్‌ను అడగాలి. పనిలో పెట్టుకునేటప్పుడే ఈ విషయం కనుక్కోండి.

కొత్తవాణ్ణి మొదటి రోజే పూర్తి పనికి దించకండి. ఎండ అలవాటు లేని ఒళ్లు చెమటతో ఉప్పు ఎక్కువగా పోగొట్టుకుంటుంది. ఉప్పు పట్టి ఉంచుకోవడం దానికి వారం రెండు వారాల్లో అలవాటవుతుంది. మొదటి రోజు ఎండలో అయిదో వంతు పనే, తర్వాత రోజుకు అంతే చొప్పున పెంచండి. వారం పైన సెలవు పెట్టి వచ్చిన పాతవాణ్ణి కూడా నెమ్మదిగానే దించండి.

రాత్రి తాగి వచ్చినవాణ్ణి ఎండలోకి పంపకండి.

మూత్రం ముదురు పసుపుగా, తక్కువగా వస్తుంటే నీళ్లు చాలడం లేదు. అదే నీళ్లలా తేటగా వస్తూ తలనొప్పి, వాంతులు, వేళ్ల వాపు ఉంటే ఉత్త నీళ్లు ఎక్కువయ్యాయి. ఇంకా నీళ్లు పట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పట్టేస్తే పని ఆపాలి. రుద్దుకుని మళ్లీ తట్ట ఎత్తడం కాదు, ఆపాలి. నీడలో కూర్చోబెట్టి, ఉప్పు చక్కెర నీళ్లు గుక్క గుక్కగా తాగించి, కండరాన్ని మెల్లగా సాగదీయండి. వదిలాక కూడా కొన్ని గంటలు బరువు పని వద్దు, ఎత్తు మీదకు అసలే వద్దు. గంటైనా వదలకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

తల తిరిగి, కళ్లు బైర్లు కమ్మి, వికారంతో చెమటలు ధారగా కారుతుంటే అది ఒళ్లు ఎండకు ఓడిపోవడం. నీడలో పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి, బట్టలు వదులు చేసి ఒళ్లంతా తడిపి విసరండి.

మాట తడబడినా, ఎక్కడున్నాడో చెప్పలేకపోయినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని ధైర్యపడకండి. నోట్లో ఏమీ పోయకండి. ఆంబులెన్స్‌కు ఫోన్ చేసి, అది వచ్చే దాకా ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూనే ఉండండి.

పొద్దున హాజరు వేసేటప్పుడు పేరుతో పాటు "తిన్నావా?" అని అడగండి. తినలేదంటే ముందు తినమనండి.

సాయంత్రం దిగాక నీళ్లు తాగి అలాగే పడుకోవద్దని చెప్పండి. ఉప్పున్న భోజనం చేసే పడుకోవాలి.

కాంక్రీటు ఆగకూడదన్నది నిజమే. అందుకే స్లాబ్ పోసే రోజు ఇద్దరు మనుషుల్ని ఎక్కువ పెట్టుకోండి. మా సైట్‌లో ఈ సోమవారం నుంచి అలాగే చేస్తున్నాం.