సిరొంచ పొలంలో తగ్గినట్టు కనిపించిన కార్బన్: నా అనుభవం

సిరొంచ దగ్గర పత్తి పొలంలో ఐదేళ్లు పశువుల ఎరువు వేయించి, మళ్లీ మట్టి తీశాం. 30 సెంటీమీటర్ల లోతు వరకు కార్బన్ 0.60 శాతం నుంచి 0.66కి పెరిగింది. కానీ లెక్క కడితే హెక్టారుకు నిల్వ 25.2 టన్నుల నుంచి 24.95కి తగ్గింది! "ఇంత ఎరువు తోలితే తగ్గడమేంటి సార్?" అని రైతు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ల్యాబ్‌ని అనుమానించాను, అనవసరంగా. అసలు సంగతి బల్క్ డెన్సిటీలో, అంటే ఒక ఘనపు సెంటీమీటరులో ఎన్ని గ్రాముల ఎండు మట్టి ఉందన్న లెక్కలో ఉంది. ఎరువుతో నేల గుల్లబారి 1.40 నుంచి 1.26కి దిగింది. అంటే అదే 30 సెంటీమీటర్లలో అప్పుడు హెక్టారుకు 4200 టన్నుల మట్టి ఉంటే, ఇప్పుడు 3780 టన్నులే. లోతు సమానమే, పోల్చిన మట్టి సమానం కాదు.

మట్టి తీసే ఆగర్ పట్టుకుని మళ్లీ వెళ్లి 30–40 సెంటీమీటర్ల పొర తీశాను. అందులో కార్బన్ 0.40 శాతం. తక్కువపడిన 420 టన్నులు ఆ పొర నుంచి కలిపితే 1.68 టన్నుల కార్బన్ వచ్చింది. మొత్తం 26.63, అంటే 1.43 పెరుగుదల. నేల గట్టిపడితే ఇదే తప్పు తిరగబడి, లేని లాభం చూపిస్తుంది.

నల్లరేగడి ఎండితే కుంచించుకుపోతుంది కాబట్టి రెండుసార్లూ ఒకే పదునులో తీయాలి. ఇది ఒక్క మడి లెక్కే. మిగతా మడుల తేడాలు చూడకుండా కార్బన్ క్రెడిట్ అడగలేదు.