సిప్ లెక్క ఎక్కడ తప్పుతుంది? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నెలనెలా సిప్ పద్ధతిలో మ్యూచువల్ ఫండ్‌లో వేసే డబ్బు కొన్నేళ్ల తర్వాత ఎంతవుతుందో లెక్క వేయడం చూడ్డానికి తేలికే. మొత్తం, కాలం, ఏడాదికి ఇంత శాతం అని మూడు అంకెలు ఇస్తే చాలు, జవాబు వచ్చేస్తుంది. కానీ అవే మూడు అంకెలకు వేర్వేరు చోట్ల వేర్వేరు జవాబులు వస్తాయి. కొన్నిసార్లు జవాబు సరిగ్గానే వస్తుంది గానీ, దాన్ని మనం చదివే తీరు తప్పుతుంది.

ఈ వ్యాసం మొత్తానికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. ఆమెకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి కాలేజీ చదువుకు డబ్బు కావాలి. అందుకని నెలకు 5,000 రూపాయల సిప్, 15 ఏళ్ల పాటు, షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్‌లో. రాబడి ఏడాదికి 12 శాతం అని అనుకుంటున్నాం. మన జేబులోంచి వెళ్లేది మొత్తం 9 లక్షలు.

సమస్య: ఒక కాలిక్యులేటర్ 25.23 లక్షలు అంటోంది, ఇంకోటి 23.80 లక్షలే అంటోంది

రెండూ పనిచేస్తున్నట్టే. తేడా అంతా ఏడాది రేటును నెల రేటుగా మార్చే దగ్గరే వస్తోంది.

మొదటి కాలిక్యులేటర్ 12 శాతాన్ని 12తో భాగించి నెలకు 1 శాతం అని తీసుకుంది. కానీ 100 రూపాయలు నెలకు 1 శాతం చొప్పున చక్రవడ్డీతో పెరిగితే ఏడాది చివర 112 కాదు, 112.68 అవుతుంది. అంటే పైకి 12 శాతం అని చూపిస్తూ లోపల 12.68 శాతంతో లెక్క వేసింది. రెండో కాలిక్యులేటర్ 100 సరిగ్గా 112 కావాలంటే నెలకు ఎంత పెరగాలో చూసింది. అది దాదాపు 0.949 శాతం. ఈ చిన్న తేడాయే 15 ఏళ్లలో 1.43 లక్షలైంది.

ఎక్సెల్ లాంటి షీట్‌లో ఈ రెండు లెక్కలూ ఇలా ఉంటాయి:

```
=FV(12%/12, 180, -5000, 0, 1)            → 25,22,880
=FV(1.12^(1/12)-1, 180, -5000, 0, 1)     → 23,79,657
```

ఏది వాడాలి? నేనైతే రెండోదే వాడమంటాను. ఫండ్ ఏడాదికి 12 శాతం ఇచ్చిందని చెప్పినప్పుడు, ఏడాది కిందటి 100 ఇప్పుడు 112 అయిందనే అర్థం. ఫండ్ నెలనెలా వడ్డీ జమ చేసే ఖాతా కాదు, దాని ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ, రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కాబట్టి 12తో భాగించే పద్ధతి ఇక్కడ సరిపోదు. మీరు వాడే కాలిక్యులేటర్ ఏ రకమో తెలుసుకోవాలంటే నెలకు 5,000, 15 ఏళ్లు, 12 శాతం ఇచ్చి చూడండి. 25.2 లక్షల దగ్గర వస్తే అది భాగించే రకం. 23.8 దగ్గర వస్తే రెండో రకం.

24.98 లక్షలని వస్తే మాత్రం కారణం వేరు. అది కూడా భాగించే రకమే గానీ, ప్రతి వాయిదానూ నెల మొదట్లో కాకుండా నెల చివర వేసినట్టు తీసుకుంది. అంటే ప్రతి వాయిదాకూ ఒక నెల పెరుగుదల తక్కువ. ఫార్ములాలో చివరి అంకె 1 అయితే నెల మొదట్లో అని, 0 అయితే లేదా అసలు ఇవ్వకపోతే నెల చివర అని అర్థం. ఈ తేడా ఒక శాతమే కాబట్టి దీని గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు.

సమస్య: షీట్‌లో లక్షల కోట్లు వస్తున్నాయి, లేదా మైనస్‌లో వస్తోంది

లక్షల కోట్లు వచ్చాయంటే, నెలల సంఖ్య 180 ఇచ్చి రేటు మాత్రం ఏడాదిదే ఉంచేశారన్నమాట. `=FV(12%, 180, -5000)` అని కొడితే షీట్ దాన్ని నెలకు 12 శాతం అనుకుంటుంది. జవాబు దాదాపు 30 లక్షల కోట్లు. రేటు, కాలం రెండూ నెలల్లోనే ఉండాలి.

మైనస్‌లో వస్తే కంగారు పడక్కర్లేదు. మీ చేతిలోంచి వెళ్లే డబ్బును మైనస్‌గా, చేతికొచ్చే దాన్ని ప్లస్‌గా చూపడం ఆ ఫార్ములా పద్ధతి. 5,000కు ముందు మైనస్ పెడితే సరిపోతుంది.

కొందరికి 49 లక్షలు వస్తుంది. మొత్తం 9 లక్షలనూ మొదటి రోజే వేసినట్టు లెక్క కట్టడం వల్ల అలా వస్తుంది. సిప్‌లో మొదటి వాయిదా మాత్రమే 15 ఏళ్లు పెరుగుతుంది, చివరిదానికి ఒక్క నెలే దొరుకుతుంది. సగటున ఒక్కో రూపాయికి దొరికేది ఏడున్నరేళ్లు. దీనితోనే ఒక చిన్న తనిఖీ చేసుకోవచ్చు. 12 శాతం రాబడితో డబ్బు ఏడున్నరేళ్లలో సుమారు 2.34 రెట్లవుతుంది, అంటే 9 లక్షలు 21 లక్షలవుతాయి. అసలు జవాబు దీనికంటే కాస్త ఎక్కువుండాలి. తక్కువొచ్చినా, రెట్టింపొచ్చినా ఫార్ములాలో ఎక్కడో పొరపాటు ఉన్నట్టే.

సమస్య: పద్నాలుగేళ్లు బాగానే వచ్చింది, చివరికి చేతికొచ్చింది మాత్రం అంచనాకు దరిదాపుల్లో లేదు

జాగ్రత్తగా చూడాల్సింది ఇక్కడే. ఏ కాలిక్యులేటరైనా ప్రతి నెలా ఒకే తీరుగా పెరుగుతుందనుకుంటుంది. మార్కెట్ అలా నడవదు. 2008లో సెన్సెక్స్ ఒక్క ఏడాదిలో సగానికి పైగా పడిపోయింది.

మన ఉదాహరణలోనే చూద్దాం. మొదటి 14 ఏళ్లు ఫండ్ సరిగ్గా 12 శాతమే ఇచ్చింది. చేతిలో 20.68 లక్షలున్నాయి. పదిహేనో ఏట మార్కెట్ 20 శాతం పడింది. ఆ ఏడాది వేసిన 60,000 కలుపుకున్నా చివరికి మిగిలేది దాదాపు 17.07 లక్షలు. మొత్తం 15 ఏళ్లకు చూస్తే రాబడి ఏడాదికి 8 శాతానికి పడిపోయింది. ఒక్క చెడ్డ ఏడాది 14 మంచి ఏళ్ల ఫలితంలో ఇంత పెద్ద ముక్క కోసేసింది.

ఇప్పుడు అదే 20 శాతం నష్టం మొదటి ఏడాదే వచ్చిందనుకోండి. మిగతా 14 ఏళ్లూ 12 శాతమే. అప్పుడు చేతికొచ్చేది 23.28 లక్షలు. అవే పదిహేను ఏళ్ల రాబడులు, క్రమం ఒక్కటే మారింది, తేడా ఆరు లక్షల పైనే. మొదటి ఏడాది ఖాతాలో ఉన్నదే 60,000, కాబట్టి పోయేది కొన్ని వేలే. చివరి ఏడాదికి ఇరవై లక్షలుంటాయి, పోతే లక్షల్లోనే పోతుంది.

అందుకే ఒకే రేటుతో వచ్చిన ఒకే అంకెను పట్టుకుని ప్లాన్ వేయకండి. కనీసం మూడు రేట్లతో లెక్క కట్టండి. మన సిప్‌కు 12 శాతంతో 23.80 లక్షలు, 10 శాతంతో 20.08 లక్షలు, 8 శాతంతో 16.99 లక్షలు వస్తాయి. పాప ఫీజుకు కావాల్సిన మొత్తం 8 శాతం దగ్గర కూడా అందుతుందా? అందకపోతే నెల వాయిదా పెంచాలి. రేటు గడిలో 15 అని కొట్టి సరిపెట్టుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

చివరి రెండు మూడేళ్లలో డబ్బును ఈక్విటీ నుంచి, బాండ్లలో పెట్టే డెట్ ఫండ్‌కో ఎఫ్‌డీకో మార్చే ఆలోచన ఉంటే లెక్కలోనూ అది కనపడాలి. మొదటి 12 ఏళ్లు 12 శాతం, ఆఖరి మూడేళ్లు మొత్తం డబ్బుకీ 7 శాతం అనుకుంటే వచ్చేది సుమారు 20.87 లక్షలు. 23.80తో పోలిస్తే తక్కువే, కానీ ఫీజు కట్టాల్సిన ఏడాది మార్కెట్ పడినా నిద్ర పడుతుంది. చదువు లాంటి వాయిదా వేయలేని ఖర్చుకు నేను ఈ అంకెనే నమ్ముతాను.

సమస్య: మూడేళ్లయింది, లాభం 16.7 శాతమే. అంటే ఏడాదికి ఐదున్నరేనా?

36 వాయిదాల్లో 1.8 లక్షలు వేశారు, ఇప్పుడు విలువ 2.1 లక్షలుంది. 30,000 లాభాన్ని మూడుతో భాగించి ఏడాదికి 5.6 శాతం అని చాలామంది టెన్షన్ పడతారు. కొందరు సిప్ ఆపేస్తారు కూడా. నిజానికి ఆ డబ్బు మీద వచ్చింది ఏడాదికి 10 శాతానికి పైనే. కారణం ముందు చెప్పుకున్నదే, ఆ 1.8 లక్షలూ మూడేళ్లు ఉండలేదు, సగటున ఏడాదిన్నరే ఉన్నాయి.

దీన్ని ఒక్కో వాయిదా ఎంతకాలం ఉందో తేదీల ప్రకారం చూసి ఏడాది రాబడి చెప్పే `XIRR` ఫార్ములాతో చూడాలి. ఒక కాలమ్‌లో వాయిదా తేదీలు, పక్కన మొత్తాలు మైనస్‌లో రాయండి. చివరి వరుసలో నేటి తేదీ, నేటి విలువ ప్లస్‌లో.

```
=XIRR(B1:B37, A1:A37)
```

`#NUM!` అని వస్తే సాధారణంగా మైనస్ గుర్తులు పెట్టడం మరిచిపోయి ఉంటారు. `#VALUE!` అని వస్తే తేదీలు తేదీలుగా కాకుండా మామూలు అక్షరాలుగా పడ్డాయేమో చూడండి. తేదీలు గుర్తులేకపోతే, ఫండ్ల తరఫున ఖాతాల రికార్డులు చూసే క్యామ్స్ లేదా కేఫిన్‌టెక్ వెబ్‌సైట్ నుంచి కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్ తెప్పించుకోవచ్చు. సిప్ మొదలై ఏడాది కూడా కాకపోతే ఈ శాతాన్ని పట్టించుకోకండి. రెండు నెలల ఎగుడుదిగుడును అది ఏడాదికి సాగదీసి చూపిస్తుంది.

సమస్య: 23.80 లక్షలు వచ్చినా అప్పటి ఫీజుకు చాలట్లేదు

కాలిక్యులేటర్ చూపేది 15 ఏళ్ల తర్వాతి రూపాయలు. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతాయనుకుంటే ఆ 23.80 లక్షలను 1.06^15తో, అంటే 2.3966తో భాగించాలి. నేటి విలువలో అవి 9.93 లక్షలు.

ఇది చూసి ‘వేసిందే 9 లక్షలు, మిగిలింది 93 వేలేనా’ అని నీరుగారిపోవద్దు. మీరు వేసే వాయిదాలు కూడా పదిహేనేళ్ల మీద పరుచుకున్నవే. పదేళ్ల తర్వాత వేసే 5,000కు ఈనాటి 5,000 అంత విలువ ఉండదు. వాటన్నిటినీ కూడా నేటి విలువకు మారిస్తే మీరు పెట్టేది దాదాపు 6 లక్షలు. పోల్చాల్సింది 9.93ను ఆ 6తో. ఇక అంచనా వేసేటప్పుడు ఈనాటి కాలేజీ ఫీజును 9.93 పక్కన పెట్టి చూడండి. ఫీజులు మామూలు ధరల కంటే వేగంగా పెరుగుతాయని మీకు అనిపిస్తే 6 బదులు 8 శాతం వేసి చూడండి.

పన్ను కూడా ఈ అంకెలో ఉండదు. ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్ యూనిట్లు అమ్మితే, 2024 జూలై 23 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఆ ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షలు దాటిన లాభంపై 12.5 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్ పడతాయి. మన ఉదాహరణలో లాభం 14.80 లక్షలు. మొత్తం ఒకేసారి తీస్తే పన్ను సుమారు 1.76 లక్షలు. చివరి పన్నెండు వాయిదాలకు ఇంకా ఏడాది నిండదు కాబట్టి వాటి లాభం మీద 20 శాతం పడుతుంది, కానీ అక్కడ లాభమే తక్కువ. ఈక్విటీ నుంచి డెట్‌కు మార్చడం కూడా అమ్మకం కిందికే వస్తుంది. అందుకే ఆ మార్పును రెండు మూడు ఆర్థిక సంవత్సరాల్లో విడతలుగా చేస్తే 1.25 లక్షల మినహాయింపు ప్రతి ఏడాదీ కొత్తగా దొరుకుతుంది.